బోరుకీ మరుగుదొడ్డి గుంతకీ మధ్య ఎన్ని అడుగులు? ముందు గుంత ఎంత లోతు?

ఇల్లు మొదలుపెట్టిన వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: "సెప్టిక్ ట్యాంకుకీ బోరుకీ మధ్య ఎన్ని అడుగులు వదలాలండీ?" మేస్త్రీ పదిహేను చాలంటాడు, బోరు వేసేవాడు యాభై అంటాడు, చదువుకున్న బంధువు ఎవరో వంద అని భయపెడతాడు. మన దేశపు ప్రమాణాల్లో కూడా ఒకే అంకె లేదు. రెండు గుంతల మరుగుదొడ్డికి ఒకచోట 3 మీటర్లు, ఇంకోచోట 10 మీటర్లు అని ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకైతే 18 మీటర్లు. అంటే దాదాపు 10, 33, 60 అడుగులు. మూడూ సరైనవే, కానీ ఏది ఎక్కడ వర్తిస్తుందో తేల్చేది గుంత అడుగుకీ భూమిలోని నీటికీ మధ్య ఎంత పొడి నేల ఉందన్నది. అడ్డంగా కొలిచే అడుగుల సంగతి ఆ తర్వాతే. అందుకే ముందు నిలువు లెక్క చూద్దాం.

గుంతలోంచి కారే నీరు పొడి నేలలో దిగేటప్పుడు ఇసుక రేణువుల్ని అంటిపెట్టుకుని, పల్చటి పొరలా, నెమ్మదిగా కిందికి పోతుంది. రేణువుల మధ్య గాలి ఉంటుంది. పేగుల్లో బతికే బ్యాక్టీరియా అక్కడ ఇరుక్కుంటుంది, ఆకలితో చస్తుంది, మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. కొన్ని వారాలు గడిస్తే గుంత అడుగునా చుట్టూ జిగురులాంటి పొర కడుతుంది. అది ఇంకా గట్టి జల్లెడ. అందుకే కొత్త గుంత మొదటి వారాల్లోనే ఎక్కువ ప్రమాదం. గుంత అడుగు నుంచి నీటిమట్టం దాకా, ఏడాది పొడుగునా, కనీసం 2 మీటర్లు అంటే ఆరున్నర అడుగుల పొడి నేల ఉండి, అది సన్న ఇసుకో మట్టో అయితే 10 అడుగుల దూరం చాలనడానికి కారణం ఇదే.

గుంత అడుగు నీటిని తాకిందంటే లెక్క మారిపోతుంది. రంధ్రాలన్నీ నీటితో నిండి ఉంటాయి, గాలి ఉండదు, మురుగు నేరుగా ఊటలో కలిసి దానితో పాటు నడుస్తుంది. మధ్యరకం ఇసుకలో, వాలు తక్కువున్న చోట, ఊట రోజుకి సుమారు 20 సెంటీమీటర్లు కదులుతుందనుకుంటే 10 మీటర్లు దాటడానికి 50 రోజులు పడుతుంది. పేగు బ్యాక్టీరియాలో చాలావరకు చచ్చిపోవడానికి ఆ గడువు సరిపోతుందని జర్మనీలో తాగునీటి బావుల చుట్టూ 50 రోజుల గీతే గీస్తారు. అదే ముతక ఇసుకలో వేగం ఐదు రెట్లయితే మిగిలేది పది రోజులు. పైగా మోటారు ఆడుతున్నంతసేపూ బోరు దగ్గర నీరు గబగబా లాగబడుతుంది. వైరస్ సంగతి వేరు. అది బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు చిన్నది, జల్లెడకి చిక్కదు. మట్టిరేణువులకు అతుక్కుని ఆగుతుంది కానీ, పెద్ద వాన పడి ఊట పల్చబడ్డప్పుడు ఆ అతుకు వదిలి మళ్లీ బయలుదేరగలదు.

ఇప్పుడు మన దగ్గర నిజంగా పోటీలో ఉన్నవి చూద్దాం.

మొదటిది వరల గుంత. తెలంగాణలో గాజులు, రింగులు అంటారు. పది పన్నెండు అడుగులు తవ్వి, సిమెంటు వరలు దించి, అడుగున కాంక్రీటు వేయకుండా మట్టిగానే వదిలేసి పైన మూత వేస్తారు. చాలా ఊళ్లలో దీన్నే సెప్టిక్ ట్యాంకు అని పిలుస్తారు. "ఎంత లోతైతే అంత మంచిది, ఇరవై ఏళ్లయినా నిండదు" అని గొప్పగా చెప్తారు. నిండకపోవడానికి కారణం అది నేరుగా నీటిలోకి ఖాళీ అవుతుండటం. నా ఓటు దీనికి ఎప్పుడూ పడదు.

రెండోది రెండు గుంతలది. ఐదారుగురున్న ఇంటికి ఒక్కోటి మూడున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, మధ్యలో కనీసం మూడడుగుల ఎడం. ఒకటి నిండితే దారి మళ్లించి రెండో దానిలోకి వదులుతారు. మొదటిది రెండేళ్లు ఆగితే ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ తానే గుంతలోకి దిగి ఎరువు తీసి చూపించారు. ఆ రోజు అందరూ ఎరువు గురించే మాట్లాడారు కానీ, నాకు దీనిలో నచ్చేది లోతు తక్కువ కావడం. నాలుగడుగులే కాబట్టి కింద పొడి నేల మిగులుతుంది.

మూడోది అసలైన సెప్టిక్ ట్యాంకు, అడుగు కూడా కాంక్రీటు చేసి, బయట ఇంకుడు గుంతతో. ట్యాంకు కట్టాం కాబట్టి నీళ్లు శుభ్రమైపోతాయనుకోవడం పెద్ద భ్రమ. అది బరువైనది కిందికి దించుతుంది, అంతే. బయటికొచ్చే నీటిలో పేగు బ్యాక్టీరియా లక్షల లెక్కలోనే ఉంటుంది. రోజంతా ఆ నీరు ఒకేచోట ఇంకుతుంది కాబట్టే దీనికి 60 అడుగులు అడుగుతారు. చిన్న స్థలంలో అన్ని అడుగులు ఎక్కడ దొరుకుతాయి? అందుకని చాలామంది పైపు తీసి వీధి కాలువలో పెట్టేస్తారు. అలా చేస్తే మన బోరు బతుకుతుందేమో గానీ, కాలువ పక్కన పోయే పంచాయతీ కుళాయి పైపులో నీరు పాడవ్వచ్చు. బయో డైజెస్టర్ల గురించీ అడుగుతుంటారు. వాటి నుంచి వచ్చే నీటినీ ఎక్కడో ఒకచోట ఇంకించాల్సిందే, ఆ ఇంకించే చోటికి ఇదే లెక్క.

ఒక స్థలం తీసుకుని చూద్దాం. కోస్తాలో ఐదు సెంట్లు, తూర్పు పడమర 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 60, దక్షిణం వైపు వీధి. మే నెలలో నీరు 12 అడుగుల్లో, సెప్టెంబరులో 5 అడుగుల్లో ఉంటుంది. పదడుగుల వరల గుంత వేస్తే సెప్టెంబరులో దాని సగం నీటిలో మునిగి ఉంటుంది. మండువేసవిలో కూడా కింద మిగిలేది రెండడుగులు. రెండు గుంతలైతే మేలో ఎనిమిదడుగుల పొడి నేల, సెప్టెంబరులో ఒక్క అడుగు. అదే గుంతని రెండడుగులు నేలపైకి లేపి, చుట్టూ మట్టి పోసి, మరుగుదొడ్డి అరుగుని ఆ మేరకు ఎత్తు చేస్తే వానాకాలంలోనూ మూడడుగులు మిగులుతుంది. ఆరున్నర రాలేదు కాబట్టి 10 అడుగుల వెసులుబాటు పోయింది, 33 అడుగుల లెక్కే పాటించాలి. ఇసుకని అరచేతిలో వేసి చూస్తే ఉప్మా రవ్వలా గరుగ్గా ఉందనుకోండి, గుంత అడుగుని కాంక్రీటుతో మూసేసి, వరల చుట్టూ అడుగున్నర మందాన సన్న ఇసుక నింపాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ అలాంటి ముతక ఇసుకలో ఇది లేకుండా ఏ దూరమూ నమ్మదగినది కాదు.

ఇక ఆ 33 అడుగులు ఎక్కడ నుంచి? ఇక్కడ వాస్తు ఒక తమాషా చేస్తుంది. అందరూ బోరు ఈశాన్యంలో, సెప్టిక్ వాయవ్యంలో వేస్తారు. మీ బోరుకీ మీ గుంతకీ మధ్య 29 అడుగులు ఉందని తృప్తిపడతారు. కానీ మీ ఈశాన్యానికి గోడ అవతల ఉన్నది తూర్పు ఇంటివాళ్ల వాయవ్యం. వాళ్ల గుంత మీ బోరుకి ఏడడుగుల్లో ఉంటుంది! వీధి వీధంతా ఇలాగే, ప్రతి బోరూ పక్కింటి గుంత పక్కనే. సొంత గుంత వరకే టేపు పట్టి కొలిచేవాళ్లకి ఇది కనపడదు. ఈ స్థలంలో బోరుని తూర్పు గోడ వెంబడే 36 అడుగులు దక్షిణానికి జరిపితే పక్కింటి గుంతకి దాదాపు 36, మీ గుంతకి 46 అడుగులు వస్తుంది. గుంతలో సగం వెడల్పు తీసేసినా రెండూ 33 దాటుతాయి. తూర్పు మధ్యన బోరుకి వాస్తు పండితులు సాధారణంగా పెద్దగా అభ్యంతరం చెప్పరు కూడా. బోరు వేసేశాక ఇది తెలిస్తే, గుంత జరపమని పక్కింటి వదినగారిని అడగడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఈ లెక్కలన్నీ ఇసుకకీ ఒండ్రుకీ. తెలంగాణలోనూ రాయలసీమలోనూ గ్రానైటు నేలల్లో అడుగుల మీద నాకు నమ్మకం తక్కువ. పైన మొరం ఉన్నంతవరకు ఫర్వాలేదు, కింద రాతి పగుళ్లలో జల్లెడ అంటూ ఏమీ ఉండదు. పగులు గుంతకీ బోరుకీ కలిస్తే 33 అడుగులు ఒక్కరోజులో దాటిపోవచ్చు, వంద అడుగులైనా భరోసా లేదు. అక్కడ గుంతని మొరంలోనే, రాయి తగలకముందే ఆపాలి. మిగతా జాగ్రత్తంతా బోరు దగ్గర పెట్టాలి. కేసింగ్ పైపు గట్టి రాతిలోకి నాలుగైదు అడుగులు దిగి కూర్చోవాలి, పైపు చుట్టూ ఉన్న సందుని పైనుంచి కనీసం పదడుగులు సిమెంటుతో మూయాలి. బిల్లు తగ్గించుకుందామని కేసింగ్‌ని మొరంలోనే ఆపించడం మామూలుగా జరిగేదే. అప్పుడు గుంత ఎంత దూరంలో ఉన్నా పైనున్న మురుగు పైపు వెంట జారి లోపలికి దిగుతుంది.

ఇప్పటికే బోరూ గుంతా ఉన్నవాళ్లు తేడా పట్టుకోవడానికి రెండు పరీక్షలు చాలు. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలో గీత వరకు నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీరు సాధారణంగా నల్లబడుతుంది. దీన్ని ఎండాకాలం ఒకసారి, పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి చేయాలి. వాన తర్వాత మాత్రమే నల్లబడి, నీరు కూడా బురదగా వస్తే తప్పు చాలావరకు బోరు గట్టుదో కేసింగ్‌దో. గుంత జరిపినా ఫలితం ఉండదు, గట్టు బాగు చేయించండి. రెండు కాలాల్లోనూ నల్లబడుతుంటే గుంత నీటిని తాకుతోందని అనుమానించాలి.

రెండోది నైట్రేట్. పంచాయతీ ఫీల్డ్ టెస్ట్ కిట్‌లో ఉంటుంది. పొడి నేల బ్యాక్టీరియాని ఆపుతుంది గానీ నైట్రేట్‌ని ఆపదు. అది నీటితో పాటే నడిచి ఏళ్ల తరబడి పేరుకుంటుంది. పక్కన యూరియా వేసే పొలాలు లేకుండానే లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటిందంటే గుంతల నీరు చేరుతోందని అనుమానించాలి, సీసా నల్లబడకపోయినా. ఆ నీటిని మరిగిస్తే నైట్రేట్ తగ్గదు సరికదా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పసిపిల్లలకి డబ్బా పాలు కలపడానికి మాత్రం అస్సలు వాడొద్దు.