పాతికేళ్లుగా ఈపీఎఫ్: కంపెనీ వాటా చేతికెంత వస్తుంది?

పాతికేళ్లకు పైగా నా జీతంలోంచి పీఎఫ్ కట్ అవుతోంది. మొత్తమ్మీద నాకు బాగా నచ్చిన పథకం ఇది. కాకపోతే "నువ్వెంత కడితే కంపెనీ అంతే కడుతుంది" అనే మాట దగ్గర కొంచెం ఆగాలి.

బేసిక్, డీఏ కలిపి 25,000 అనుకుందాం. మన వాటా 12 శాతం, అంటే 3,000. కంపెనీ కూడా 3,000 కడుతుంది. కానీ పాస్‌బుక్ తెరిస్తే యజమాని వాటా కింద 1,750 మాత్రమే కనిపిస్తుంది. మిగతా 1,250 పక్కనే ఉన్న పెన్షన్ గడిలో ఉంటుంది. ఆ సొమ్ము మీద మన ఖాతాలో వడ్డీ పెరగదు, 58 ఏళ్లు నిండాక నెలనెలా పెన్షన్‌గా వస్తుంది. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతం పరిమితి 15,000, దాని మీద 30 ఏళ్ల సర్వీసుకు నెలకు సుమారు 6,850 వస్తుంది. 2014 సెప్టెంబర్ తర్వాత 15,000 దాటిన జీతంతో మొదటిసారి చేరినవాళ్లకు పెన్షన్ భాగం ఉండదు, కంపెనీ 12 శాతం మొత్తం పీఎఫ్‌కే వెళ్తుంది. కొన్ని కంపెనీలు అసలు జీతం ఎంతున్నా 15,000 మీదే లెక్కగట్టి 1,800తో సరిపెడతాయి. ఆఫర్ లెటర్‌లో ముందు చూడాల్సింది అదే.

ఇక పెరుగుదల. మన 3,000, కంపెనీ 1,750 కలిపి నెలకు 4,750 చొప్పున, జీతం పెరగకుండా, వడ్డీ ఇప్పటి 8.25 శాతమే ఉంటే పదేళ్లకు దాదాపు 8.7 లక్షలు, ఇరవై ఏళ్లకు 27.8 లక్షలు, ముప్పై ఏళ్లకు 70 లక్షలు. కట్టింది మొత్తం 17.1 లక్షలే. చివరి పదేళ్లలోనే 42 లక్షలు చేరతాయి, ఆ పదేళ్లలో కట్టేది 5.7 లక్షలు. కంపెనీ వేసిన 1,750 ఒక్కటే ముప్పై ఏళ్లకు దాదాపు 26 లక్షలవుతుంది. వడ్డీ రేటు మాత్రం ఏటా ప్రకటిస్తారు. 90వ దశకంలో 12 శాతం ఉండేది, 2021-22లో 8.1కి దిగింది.

అందుకే కంపెనీ మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకునే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పదేళ్లకు తీసిన ఆ 8.7 లక్షలు అలాగే ఉంచితే ముప్పయ్యో ఏటికి 42 లక్షలు. పాత ఖాతాను కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే చాలు.

నన్ను బాగా టెన్షన్ పెట్టింది జమ ఆలస్యం. ఒక పాత కంపెనీ జీతంలోంచి కట్ చేసి కొన్ని నెలలు పీఎఫ్‌లో వేయలేదు. పేస్లిప్‌లో కోత ఉంది, పాస్‌బుక్‌లో ఆ నెలలు లేవు. ఈపీఎఫ్‌వోకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాకే కదలిక వచ్చింది. ఏ నెల సొమ్మైనా తర్వాతి నెల 15లోగా కట్టాలి కాబట్టి, 20వ తేదీ దాటాక పాస్‌బుక్ ఒకసారి తెరిచి పేస్లిప్‌తో సరిచూడండి.