రొయ్యల గుంటల మీద పీటీజెడ్ కెమెరా: ఏడాది పైన వాడాక ప్రీసెట్లు, ప్యాట్రోల్ గురించి నా మాట

పీటీజెడ్ కెమెరా కొనేవాళ్లలో ఎక్కువమంది ఒక్క కెమెరా పెడితే చుట్టూ అంతా చూస్తుందని కొంటారు. అది సగమే నిజం. చుట్టూ తిరగగలదు, దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగి చూపగలదు, కానీ ఏ క్షణంలో చూసినా దాని కన్ను ఒక్క వైపే ఉంటుంది. కాబట్టి ఈ కెమెరా విలువంతా అది ఎక్కడికి, ఏ వరుసలో, ఎంతసేపటికి ఒకసారి తిరిగి వస్తుందన్న దాంట్లోనే ఉంది. మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు, నాలుగు రొయ్యల గుంటలు, నాలుగు గట్లూ కలిసే చోట స్తంభం వేసి దాని మీద కెమెరా పెట్టాం. ఏడాది దాటింది. బొమ్మ నాణ్యత, యాప్ సంగతి ఎవరైనా చెబుతారు, నేను ప్యాట్రోల్ గురించే, అంటే కెమెరా దానంతట అది ఒక్కో చోటూ వరుసగా చూస్తూ తిరగడం గురించే చెబుతాను.

మాకు కంట పెట్టాల్సినవి ఇవి: మేత షెడ్డు తలుపు, దాని పక్కనే జనరేటరు, రోడ్డు నుంచి లోపలికొచ్చే దారి, ఉప్పుకాలువ వైపు గట్టు, నాలుగు గుంటల్లో ఏరేటర్లు. షెడ్డులో మేత బస్తాలు, రాగి వైరు ఉంటాయి. కాలువ గట్టు మీద నుంచి రాత్రిపూట విసురు వల వేసేవాళ్లు వస్తారు. ఏరేటర్లు దొంగల కోసం కాదు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ అవి ఆగిపోతే పంటే పోతుంది, అందుకని.

బిగించినతను ఎనిమిది ప్రీసెట్లు, అంటే కెమెరా తిరిగి ఆగాల్సిన చోట్లు ముందే సేవ్ చేసి పెట్టి, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా తిరిగేట్టు ప్యాట్రోల్ పెట్టి వెళ్లాడు. ఒక్కో చోట 15 సెకన్లు ఆగుతుంది, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరిగి ఫోకస్ కుదురుకోవడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. అంటే చుట్టు మొత్తం 160 సెకన్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కెమెరా తిరుగుతా ఉంటే కాపలా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి, షెడ్డు తలుపు 15 సెకన్లు కనిపించి 145 సెకన్లు కనపడదు. తాళం ముందే వదులు చేసుకున్నవాడికి 25 కిలోల బస్తా ఒకటి భుజాన వేసుకుని చీకట్లోకి పోవడానికి ఆ టైమ్ చాలు. ప్యాట్రోల్ పెట్టేటప్పుడు అడగాల్సింది ఎన్ని ప్రీసెట్లు పెట్టాలని కాదు, ఒక్కో చోట చెడ్డపని జరగడానికి ఎంతసేపు పడుతుంది, కెమెరా అంతకంటే ముందే తిరిగి వస్తుందా లేదా అని.

ఆ కోణంలో చూస్తే అన్ని చోట్లకీ సమానంగా తిరగడమే తప్పు. షెడ్డుకి నిమిషం లోపు రావాలి. ఏరేటర్లను రెండు మూడు నిమిషాలకోసారి చూసినా చాలు, ఎందుకంటే ఏరేటర్ ఆగిందని మూడో నిమిషంలో తెలిసినా జనరేటర్ వేసుకునే వ్యవధి ఉంటుంది. ఇంకోటి, ఒక్కో గుంటకి ఒక్కో ప్రీసెట్ అవసరమే లేదు, జూమ్ తగ్గించి రెండు గుంటల ఏరేటర్లు ఒకే ఫ్రేములో పడేట్టు పెడితే నాలుగు ప్రీసెట్లు రెండవుతాయి. నురగ తిరుగుతుందా లేదా అన్నది తెలిస్తే చాలు కదా, రెక్కలు లెక్కపెట్టక్కర్లేదు. అలాగే జనరేటరు షెడ్డు పక్కనే కాబట్టి కొంచెం వెడల్పుగా పెడితే రెండూ ఒకే ఫ్రేములోకి వచ్చాయి. ఎనిమిది కాస్తా ఐదయ్యాయి.

దాంతో వరుస ఇలా పెట్టాను: షెడ్డు, దారి, షెడ్డు, ఒకటి రెండు గుంటలు, షెడ్డు, కాలువ గట్టు, షెడ్డు, మూడు నాలుగు గుంటలు, మళ్లీ మొదటికి. చాలా కెమెరాల్లో ఒకే ప్రీసెట్‌ను ఒకే ప్యాట్రోల్‌లో ఎన్నిసార్లయినా చేర్చవచ్చు, ఆ సంగతి బిగించేవాళ్లు చెప్పరు. షెడ్డు దగ్గర 15 సెకన్లు, మిగతా చోట్ల 10 సెకన్లు ఆపాను. తిరిగే టైమ్ కలిపితే చుట్టు 140 సెకన్లు, అయితే షెడ్డు కంటికి దూరమయ్యేది ఒక్కోసారి 20 సెకన్లే. వెళ్లడానికి 5, అక్కడ 10, తిరిగి రావడానికి 5. ముందున్న 145తో పోల్చండి.

దీనికి మూల్యం మిగతా చోట్ల కట్టాలి. దారి ఈ వరుసలో 10 సెకన్లు కనిపించి 130 సెకన్లు కనపడదు. ఇక్కడే ఫ్రేము వెడల్పు పనికొస్తుంది. మనిషి మామూలుగా నడిస్తే సెకనుకి మీటరు పైన కొంచెం నడుస్తాడు, 130 సెకన్లలో సుమారు 150, 160 మీటర్లు. దారి ప్రీసెట్‌లో అంతకంటే ఎక్కువ పొడవు దారి పడేట్టు పెడితే నడిచొచ్చేవాడు ఒక్కసారైనా ఫ్రేములో దొరుకుతాడు. గేటు ఒక్కదాని మీదే జూమ్ చేసి పెడితే దొరకడు. బండి మీద వచ్చేవాడు ఈ లెక్కకి అందడు, నిజమే, కానీ వాడు వచ్చి ఆగాల్సింది షెడ్డు దగ్గరే కాబట్టి అక్కడ పడతాడు. కాలువ గట్టుకీ ఇదే పద్ధతి. వల వేసేవాడు ఒకే చోట చాలాసేపు ఉంటాడు కాబట్టి దాని గురించి నాకు టెన్షన్ లేదు.

ఇంత చేసినా ఒక్క సెట్టింగ్ లేకపోతే అంతా వృథా. స్క్రీన్ మీద దాని పేరు Park Action, కొన్ని కంపెనీల్లో Idle Motion. ఎవరైనా యాప్‌లో చేత్తో కెమెరా తిప్పితే ప్యాట్రోల్ ఆగిపోతుంది, ఆగి అక్కడే ఉండిపోతుంది, దానంతట అది మళ్లీ మొదలవ్వదు. మా కాపలా మనిషి ఒక పొద్దున ఫోన్ చేసి "ఏందన్నా, కెమెరా రాత్రంతా రోడ్డు వైపే చూస్తా ఉంది" అన్నాడు. రికార్డింగ్ వెనక్కి వేసి చూస్తే, రాత్రి తొమ్మిదింటప్పుడు నెల్లూరులో ఉన్న మా తమ్ముడు లారీ వచ్చిందో లేదో చూద్దామని తిప్పి ఫోన్ పక్కన పెట్టేశాడు. వాడి తప్పేం లేదు, చూడ్డానికే కదా యాప్ ఇచ్చింది. Park Action ఆన్ చేసి, 30 సెకన్లు ఎవరూ ముట్టకపోతే ప్యాట్రోల్ 1 మొదలుపెట్టమని ఇచ్చాను. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు తిప్పినా దిగులు లేదు. మరీ 5 సెకన్లు పెడితే మీరు చూస్తుండగానే కెమెరా చేతిలోంచి జారిపోయి చిరాకు పుడుతుంది, అయిదు నిమిషాలు పెడితే అసలు ప్రయోజనం పోతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ. పవర్ రాగానే కెమెరా ఒకసారి చుట్టూ తిరిగి తన సున్నా స్థానం వెతుక్కుంటుంది, ఆ తర్వాత ఎక్కడికి పోవాలో పవర్ ఆఫ్ మెమరీ సెట్టింగ్ చెబుతుంది. మన గుంటల మీద కరెంటు పోవడం కొత్త కాదు కదా, అందుకే ఒకసారి కావాలనే ప్లగ్ పీకి మళ్లీ పెట్టి, ప్యాట్రోల్ దానంతట అది మొదలైందా లేదా చూసుకోవాలి. ఈ పరీక్ష చెయ్యకుండా బిగించినవాళ్లకి డబ్బులివ్వొద్దు.

రాత్రి ప్రీసెట్లు రాత్రే సేవ్ చెయ్యాలి. పగటి వెలుతురులో కుదిరిన ఫోకస్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో కొంచెం తప్పుతుంది. ఆటో ఫోకస్ ఉంది కదా అంటారు, కానీ గుంట వైపు తిరిగినప్పుడు నల్లటి నీళ్ల మీద పట్టుకోవడానికి దానికి ఏమీ దొరక్క ముందుకీ వెనక్కీ వెతుకుతుంది, ఆగిన 10 సెకన్లలో సగం మసకే ఉంటుంది. గుంటల ప్రీసెట్లలో నీళ్లు ఒక్కటే కాకుండా గట్టు అంచో, ఏరేటర్ స్తంభమో ఫ్రేము మధ్యకి వచ్చేట్టు సర్దితే ఆ వెతుకులాట బాగా తగ్గింది. షెడ్డు ముందు మామూలు ఎల్‌ఈడీ బల్బు ఒకటి వేశాం, దాంతో అక్కడ ఫోకస్ వెంటనే కుదురుతోంది.

ఆటో ట్రాకింగ్ మాత్రం రాత్రి ఆపేశాను. గట్టు మీద కుక్క పరిగెత్తితే దాని వెంట పడి షెడ్డుని వదిలేస్తుంది. మోషన్ అలర్టులూ అంతే, కెమెరా తానే కదులుతుంటే బొమ్మంతా కదిలినట్టే లెక్క కాబట్టి ఫోన్ మోగుతూనే ఉంటుంది. ప్యాట్రోల్ ఉన్నంతసేపు నిరంతర రికార్డింగ్ ఒక్కటే నమ్మకం.

ఇక అరుగుదల. చుట్టుకి ఎనిమిది కదలికలు, 140 సెకన్ల చుట్టు, రాత్రి పది గంటలు తిప్పితే రెండు వేలకి పైగా కదలికలు. లోపల మోటార్లు, బెల్టు ఉన్నాయి, పైగా మాది సముద్రపు గాలి. అందుకే పగలు ప్యాట్రోల్ ఆపేసి, షెడ్యూల్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక వెడల్పు ప్రీసెట్ మీద ఊరికే ఉంచాను, మనుషులం అక్కడే ఉంటాం కదా. అయినా నెలలు గడిచే కొద్దీ ప్రీసెట్లు కొంచెం కొంచెం పక్కకి జరిగాయి. ఇది తెలుసుకోవడానికి తేలిక పద్ధతి ఉంది: షెడ్డు ప్రీసెట్‌లో తాళం సరిగ్గా ఫ్రేము మధ్యలో ఉండేట్టు సేవ్ చేశాను, వారానికోసారి చూస్తాను, తాళం ఒక పక్కకి పోయిందంటే మిగతావీ పోయినట్టే. గాలివాన తర్వాత అన్ని ప్రీసెట్లూ ఒకే వైపు ఒకేలా జరిగితే స్తంభమో క్లాంపో తిరిగిందని అర్థం, దాన్ని బిగించాలి. ఒక్కోసారి ఒక్కోలా ఆగుతుంటే లోపలి భాగాలు వదులవుతున్నట్టు. ముందు మెనూలో కాలిబ్రేషన్ చేసి చూడండి, మళ్లీ అలాగే ఉంటే సర్వీసుకి ఇవ్వాల్సిందే.

ఈమధ్య షెడ్డు తలుపుకి ఎదురుగా మామూలు ఫిక్స్‌డ్ బుల్లెట్ కెమెరా ఒకటి విడిగా పెట్టాను. ప్యాట్రోల్ ఎంత బాగా సర్దినా 20 సెకన్ల ఖాళీ ఖాళీనే, అస్సలు కన్ను తీయకూడని చోటు ఒక్కటుంటే దానికి తిరగని కెమెరానే సరైనది, ఖర్చు కూడా పీటీజెడ్‌తో పోలిస్తే చాలా తక్కువ. దాంతో ప్యాట్రోల్‌లోంచి షెడ్డుని తీసేశాను. ఇప్పుడు నాలుగే చోట్లు, ఒక్కో చోట 15 సెకన్లు, చుట్టు 80 సెకన్లు, ఏ చోటైనా 65 సెకన్లకి మించి కంటికి దూరం కాదు, కదలికలు కూడా దాదాపు ఎనిమిదో వంతు తగ్గాయి. షెడ్డు ప్రీసెట్‌ని మాత్రం తీసెయ్యలేదు. తలుపుకి మాగ్నెట్ స్విచ్ పెట్టి, రెండు వైర్లు లాగి కెమెరా ALARM IN కి కలిపాం. తలుపు తెరుచుకుంటే ప్యాట్రోల్ ఆపి పీటీజెడ్ కూడా అటు తిరుగుతుంది, ఆ తర్వాత Park Action దాన్ని మళ్లీ ప్యాట్రోల్‌లోకి పంపుతుంది.

కొనేవాళ్లు షాపులో అడగాల్సినవి: Park Action ఉందా, అందులో ప్యాట్రోల్ ఎంచుకోవచ్చా లేక ఒక్క ప్రీసెట్టేనా, ఒకే ప్రీసెట్‌ని ప్యాట్రోల్‌లో రెండు మూడుసార్లు చేర్చనిస్తుందా, ఒక్కో చోట ఆగే సెకన్లు విడివిడిగా ఇవ్వవచ్చా, ALARM IN వైర్లు ఉన్నాయా. యాప్‌తో మాత్రమే నడిచే చవక వైఫై కెమెరాల్లో చాలావాటికి ఇవి ఉండవు, కొన్ని పూర్తిగా చుట్టూ తిరగలేక ఒక అంచు దగ్గర ఆగి మొత్తం వెనక్కి తిరిగి వస్తాయి, ఆ తిరుగుడుకే బోలెడు సెకన్లు పోతాయి. షాపులోనే మెనూ తెరిచి చూపించమనండి.