ఫోటోలో అడ్డొచ్చిన మనిషిని, స్తంభాన్ని తీసేయాలంటే ఏది మేలు?

‘అందరూ బాగానే ఉన్నారు కానీ, ఈ నీడ ఎవరిదిరా?’ అని అడిగింది అమ్మ. రామప్ప గుడి ముందు తీసిన ఫోటోలోంచి ఒక అపరిచితుణ్ణి తీసేసి, గొప్పగా ఆమె చేతిలో పెట్టాను. మనిషి పోయాడు. సాయంత్రపు ఎండలో పచ్చికమీద సాగిన ఆయన నీడ మాత్రం ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్లు అక్కడే ఉండిపోయింది.

బంధువుల్లో ఎవరు ఎక్కడికి వెళ్లివచ్చినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇతన్ని తీసేయడానికి ఏ యాప్ మంచిది?’ మొన్న ఆ ఫోటోతో, తిరుగు ప్రయాణంలో తీసిన మరో ఫోటోతో రెండు రాత్రులు కుస్తీ పట్టాక నాకు తేలిందేమిటంటే, యాప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. తీసేయాల్సిన మనిషి వెనుక ఏముందో ముందు చూడాలి. పచ్చికా, ఇసుకా, ఆకాశమా అయితే ఏ పనిముట్టయినా చాలావరకు గట్టెక్కిస్తుంది. శిల్పమో, మెట్లో, టైల్స్ గడులో అయితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా అక్కడ ఉన్నదాన్ని చూపించలేదు, ఉండి ఉండవచ్చనుకున్నదాన్ని గీస్తుంది.

పనిముట్లన్నీ నిజానికి రెండు రకాలే. ఒకటి అదే ఫోటోలోని మరో చోటునుంచి తెచ్చి అతికేది. కంప్యూటర్లో ఫోటోలు దిద్దే ఫోటోషాప్, గింప్‌లలోని క్లోన్, హీల్ ఇలాంటివే. స్నాప్‌సీడ్‌లోని హీలింగ్ కూడా ఇదే తరహా, కాకపోతే ఎక్కడినుంచి తేవాలో చెప్పే వీలు అందులో లేదు. రెండోది చుట్టుపక్కల చూసి కొత్త బొమ్మను కల్పించేది. 2023లో ఫోటోషాప్‌లోకి వచ్చిన జెనరేటివ్ ఫిల్ ఈ రకం. గూగుల్ ఫోటోస్‌లోని మ్యాజిక్ ఎరేజర్ 2021లో పిక్సెల్ ఫోన్లతో మొదలై, 2024నుంచి మిగతావారికీ ఉచితంగా అందింది. వేలితో చుట్టూ గీస్తే క్షణాల్లో పని అయిపోతుంది. వాట్సాప్‌లో పంపే ఫోటోకు అది చాలు. ఐఫోన్లలోని క్లీన్ అప్, సామ్‌సంగ్‌లోని ఆబ్జెక్ట్ ఎరేజర్ కూడా ఇంచుమించు అంతే, మీ ఫోనులో ఏది ఉంటే అది వాడుకోండి.

ముందు సులువైన ఫోటో సంగతి. దారిలో వరి పొలం ముందు నాన్నను నిలబెట్టి తీశాను. సరిగ్గా ఆయన తలమీంచి మొలిచినట్లు ఒక కరెంటు స్తంభం. వెనుక ఆకాశం, దూరంగా తాటిచెట్లు. ఇలాంటి చోట నేను క్లోన్, హీల్ పక్షమే. ఆకాశం అంతా ఒకే నీలం అనుకుంటాం కానీ, పైన ముదురుగా ఉండి కిందికి వచ్చేకొద్దీ వెలిసిపోతుంది. అందుకే అతుకు తేవాల్సింది స్తంభానికి పక్కనే, అదే ఎత్తులో ఉన్న ఆకాశం నుంచి. పైనుంచి తెస్తే ముదురు మచ్చ పడుతుంది. గింప్‌లో Ctrl, ఫోటోషాప్‌లో Alt నొక్కి ఆ చోటును ఎంచుకోవాలి. నడి ఆకాశంలో హీల్ హాయిగా పనిచేస్తుంది, ఎందుకంటే అది తెచ్చిన గరుకుదనాన్ని ఉంచి, రంగును చుట్టుపక్కలకు సరిపెడుతుంది. జుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ గుణమే దోషమవుతుంది. పక్కనున్న నలుపును కూడా కలుపుకుని, తల చుట్టూ మసి పూసినట్లు చేస్తుంది. అక్కడ హీల్ ఆపి, చిన్న బ్రష్‌తో క్లోన్‌కు మారాలి. అది ఉన్నదాన్ని ఉన్నట్లే తెచ్చి పెడుతుంది.

స్తంభం పోయాక తీగలు గాలిలో వేలాడుతూ మిగిలాయి. స్తంభంతోపాటు తీగలూ, పొలంలో పడ్డ దాని నీడా కూడా పోవాల్సిందే. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. గోడకు తగిలించే సైజులో ప్రింటు తీయించినా ఎవరూ పట్టుకోలేదు. కారణం, అతికిన ముక్కలు ఆ ఫోటోలోవే. వాటి నలుసులు, వాటి మసక అన్నీ మిగతా బొమ్మతో కలిసిపోతాయి.

రామప్ప ఫోటో అలా లొంగలేదు. ఆ పెద్దమనిషి సగం పచ్చికమీద, సగం గుడి గోడకు అడ్డంగా నిలబడ్డాడు. పచ్చికమీద కల్పన పనిముట్టు చక్కగా పనిచేసింది. ఒక్కటే జాగ్రత్త: ఎంపిక గీసేటప్పుడు మనిషితోపాటు అతని నీడనూ చుట్టాలి, అంచు దాటి కాస్త వదులుగా గీయాలి. నీడో, చెప్పు అంచో మిగిలితే అక్కడ ఎవరో ఉండాలని అది అనుకుంటుంది. మొదటిసారి నీడను వదిలేసినందుకు అమ్మ చేతికి దొరికిపోయాను. రెండోసారి మళ్లీ నీడను సగమే చుట్టినందుకు పాత మనిషి స్థానంలో ముఖం సరిగా లేని కొత్త మనిషిని నిలబెట్టింది!

అసలు చిక్కు గోడ దగ్గర వచ్చింది. రామప్ప గోడమీద ఏనుగుల వరుస ఉంటుంది. ఆ మనిషి రెండు ఏనుగులకు అడ్డం. పనిముట్టు వాటి స్థానంలో ఏనుగుల్లాంటివే పెట్టింది. ఫోను తెరమీద బాగానే ఉన్నాయి. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఒకదాని తొండం పక్కదాని కాలులో కలిసిపోయింది, ఇంకోదానికి అయిదు కాళ్లు. పైగా ఆ ముక్క మిగతా గోడకంటే నున్నగా, కడిగినట్లు కనిపించింది. ఫోటోషాప్‌లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ మొదటి రూపం ఒక ముక్కను 1024 పిక్సెళ్ల వెడల్పులోనే తయారుచేసేది. అంతకంటే పెద్ద చోటును నింపాలంటే దాన్నే సాగదీయాలి, అందువల్ల ఆ భాగం మెత్తబడుతుంది. చోటును చిన్న ముక్కలుగా విడగొట్టి నింపితే ఈ తేడా తగ్గుతుంది, ఏనుగు కాళ్లు మాత్రం సరికావు. క్లోన్‌తో పక్క ఏనుగును తెచ్చి పెడదామని కూడా చూశాను. ఒకే విరిగిన చెవి రెండు ఏనుగులకు కనిపించింది. ఒకసారి అది కంటపడితే ఇక ఫోటోలో వేరేదేమీ కనపడదు.

చివరికి పని చేసింది అసలు యాప్ కానే కాదు. అదే చోటునుంచి నేను వరుసగా తీసిన నాలుగు ఫోటోల్లో మూడోదానిలో ఆ మనిషి రెండు అడుగులు పక్కకు జరిగాడు. గింప్‌లో File మెనూలోని Open as Layers ద్వారా రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, పై పొరకు, నలుపు పూసిన చోటును దాచేసే మాస్క్ తగిలించి, అతనున్న చోట నలుపు పూశాను. అడుగునుంచి నిజమైన ఏనుగులు వచ్చాయి. చేతిలో ఫోను కొంచెం కదిలినా దగ్గరి పచ్చికా, వెనుక గోడా రెండూ ఒకేసారి సరిగ్గా కలవవు. కాబట్టి ఫోటో మొత్తాన్ని కలపాలని చూడకుండా, పూయబోయే గోడ ముక్కనే సరిచూసుకోవాలి. ఫోను మూడో ఫోటోను కాస్త వెలుతురు పెంచి తీసింది, దాన్ని తగ్గించడానికి ఇంకో అయిదు నిమిషాలు. పచ్చికమీది నీడ మాత్రం కల్పన పనిముట్టుతోనే తీశాను.

అందుకే గుళ్ల దగ్గర, కోటల దగ్గర ఇప్పుడు కదలకుండా నిలబడి, కాసేపు ఆగి ఆగి, నాలుగైదు తీస్తున్నాను. అవతలివాళ్లు ఎలాగూ జరుగుతారు. ఒక్కటే ఫోటో ఉండి, మనిషి శిల్పానికి అడ్డంగా ఉంటే నేనైతే తీయను, వీలుంటే అంచు కత్తిరిస్తాను, లేకపోతే అలాగే ఉంచేస్తాను.

పని అయ్యాక ఫోటోను ఒకసారి అద్దంలోలా కుడిఎడమలు తిప్పి చూస్తాను. గంటసేపు చూసి అలవాటుపడ్డ కంటికి అతుకులు అప్పుడు పైకి లేస్తాయి. రామప్ప ఫోటోను అలా తిప్పినప్పుడే తెలిసింది, అమ్మ నల్ల కళ్లజోడులో ఆ పెద్దమనిషి ఇంకా నిలబడే ఉన్నాడని. ఆవగింజంత ఉన్నాడు. అమ్మ ఇంకా చూడలేదు.