పెన్సిలిన్ ముందు బాక్టీరియా కణం, మన కణం

కడపలో ఒక పిల్లాడి గొంతునొప్పికి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా కారణమని తేలి, పెన్సిలిన్ ఇచ్చారనుకుందాం. పెనిసిలియం బూజులో పుట్టిన ఈ మందు రెండు రకాల కణాల దగ్గరికీ చేరుతుంది. పగిలేది మాత్రం ఒక్కటే.

బాక్టీరియా చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే గొలుసుల అల్లికతో కట్టిన గోడ ఉంటుంది. నాపరాళ్ల మధ్య సిమెంటు పట్టినట్టు, ట్రాన్స్‌పెప్టిడేస్ అనే ఎంజైమ్ ఆ గోడలోని గొలుసులను అడ్డంగా కలుపుతుంది. ఆ ఎంజైమ్ పట్టుకునే గొలుసు కొస ఆకారంలోనే పెన్సిలిన్ వచ్చి ఎంజైమ్‌కి అతుక్కుంటుంది, ఇక వదలదు. అసలు తమాషా ఇక్కడే: పెరగడం కోసం పాత గోడను కోసే బాక్టీరియా సొంత ఎంజైములు ఆగవు. కోత సాగుతుంది, అతుకు పడదు. లోపలికి నీరు చేరి కణం పగులుతుంది. అందుకే పెరగకుండా ఊరికే ఉన్న బాక్టీరియాపై ఈ మందు పెద్దగా పనిచేయదు.

మన కణానికి పొర తప్ప గోడే లేదు, ఆ ఎంజైమూ లేదు. పెన్సిలిన్ అలర్జీ అంటారా, అది మన రోగనిరోధక వ్యవస్థ చేసే రభస.