అయస్కాంతం అంటుకోని స్టీల్ డ్రమ్‌కి తుప్పెందుకు పట్టింది: చెన్నైలో ఏళ్ల తరబడి వాడాక నా మాట

స్టీల్ సామాన్ల షాపుల్లో చిన్న అయస్కాంతం తీసి గిన్నెకి ఆనించి, "చూడండి మేడమ్, అంటుకోవట్లేదు, ప్యూర్ స్టీల్" అంటారు కదా, ఆ అయస్కాంతం మీద నాకు గట్టి కోపం ఉంది. సౌకార్‌పేట్‌లో ఒక షాపులో అలాగే చూపించి మాకు ఒక పెద్ద నీళ్ల డ్రమ్, పప్పుల డబ్బాల సెట్ ఇచ్చారు. డబ్బాలు ఇప్పటికీ వాడుతున్నా, వాటి గురించి చెడ్డగా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డ్రమ్ మాత్రం అడుగున చిల్లు పడి పోయింది. స్టీల్‌కి చిల్లు పడడమేంటి అని మా అత్తయ్య ఒకటే అడిగేవారు, నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఆవిడ పాత గిన్నెలు, 1980ల్లోవి, ఈ రోజుకీ ఒక్క చుక్క తుప్పు లేకుండా ఉన్నాయి మరి.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మేముండేది తిరువాన్మియూర్ వైపు, సముద్రం దగ్గరే. మెట్రో వాటర్ కొంచెంసేపే వస్తుంది, మిగతాదంతా బోరు నీళ్లు, నోట్లో పోసుకుంటే ఉప్పగా తెలిసిపోతుంది. ఆ నీళ్లు పట్టి వంటింట్లో గిన్నెలు కడగడానికి ఉంచుకునే డ్రమ్ అది. కింద ట్యాప్ ఉంటుంది, అడుగున నిలబడడానికి చుట్టూ ఒక రింగు, దాన్ని అక్కడక్కడా స్పాట్ వెల్డింగ్ చేసి అతికించారు.

మొదట ఏడాదికి పైగా ఏమీ లేదు, మెరుస్తూ బాగుంది, మా పక్క ఫ్లాట్ గుంటూరు ఆవిడకి కూడా అదే షాపు చెప్పాను. తర్వాత రింగు చుట్టూ గోధుమ రంగు చుక్కలు కనిపించాయి. నిమ్మచెక్క, బేకింగ్ సోడా వేసి రుద్దితే పోయాయి, కానీ కొన్నాళ్లకే సరిగ్గా అదే చోట మళ్లీ వచ్చాయి. ఇది గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్లీ వస్తాను. ఒక రోజు పొద్దున్నే వంటింట్లో నేలంతా తడి, ట్యాప్ లీకవుతోందేమో అనుకుని వాషర్ మార్పించాం, ఆగలేదు. డ్రమ్ ఖాళీ చేసి తిరగేసి చూస్తే రింగుకీ అడుగుకీ మధ్య సందులో గుండుసూది మొన అంత రంధ్రం. చుట్టూ స్టీల్ అంతా కొత్తదానిలా ఉంది, ఆ ఒక్క చుక్క మాత్రం లోపలికంటా తినేసింది.

మా పెదనాన్నగారి అబ్బాయి అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో పని చేస్తాడు, స్టీల్ షీట్లు రోజూ చూసేవాడు. ఆదివారం వచ్చినప్పుడు డ్రమ్ చూపిస్తే, జేబులోంచి టెస్ట్ మందు ఉన్న చిన్న సీసా, 9 వోల్టుల బ్యాటరీ తీశాడు. షీట్ల లోడ్ దిగినప్పుడు వాళ్లు చేసే టెస్టే అంట. డ్రమ్ మీద ఒక చోట శుభ్రంగా తుడిచి ఒక చుక్క వేసి, బ్యాటరీ ఒక కొన చుక్కలో, ఇంకో కొన స్టీల్‌కి తగిలేలా రెండు మూడు సెకన్లు పెట్టాడు, చుక్క ఎర్రగా తిరిగింది. అత్తయ్య పాత గిన్నె మీద అదే చేస్తే ఎరుపు రాలేదు. "అక్కా, నీ డ్రమ్ రెండొందల సిరీస్, మాంగనీస్ ఎక్కువ. అత్తయ్యది 304" అన్నాడు.

మరి అయస్కాంతం అంటుకోలేదు కదా అంటే వాడు చెప్పిన జవాబే నేను ఈ సమీక్ష రాయడానికి కారణం. స్టీల్‌కి అయస్కాంతం అంటుకోవడం, అంటుకోకపోవడం లోపలి పరమాణువులు ఏ పద్ధతిలో పేర్చి ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది, తుప్పు పట్టడం దానితో సంబంధం లేని వేరే సంగతి. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, 18/8 అని గిన్నెల మీద కొట్టేది అదే. ఆ పేర్పుని నిలబెట్టేది నికెల్, అందుకే అయస్కాంతం అంటుకోదు. నికెల్ బాగా ఖరీదు, 2007లో అయితే దాని ధర ఆకాశానికి వెళ్లింది. నికెల్ తగ్గించి ఆ స్థానంలో మాంగనీస్ వేస్తే పేర్పు అలాగే ఉంటుంది, అయస్కాంతం అంటుకోదు, మెరుపూ అంతే ఉంటుంది, ధర తగ్గుతుంది. 200 సిరీస్ అంటే అదే. మన గిన్నెల షీట్లలో వాడే చవక రకాల్లో నికెల్ ఒక్క శాతం దగ్గరే ఉంటుంది, క్రోమియం కూడా 15, 16 శాతానికి దిగిపోతుంది. ఇక్కడే దెబ్బ, ఎందుకంటే తుప్పుని ఆపేది క్రోమియం, మాంగనీస్ ఆ పని చెయ్యలేదు.

క్రోమియం గాలిలో ఆక్సిజన్‌తో కలిసి స్టీల్ పైన కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. పాల మీద మీగడ తీస్తే మళ్లీ కట్టినట్టు, గీత పడినా గాలి తగిలితే ఈ పొర మళ్లీ కట్టుకుంటుంది. దీనికి శత్రువు క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేదే, మా బోరు నీళ్లలోనూ ఉండేదే. పొర బలహీనంగా ఉన్న చోట క్లోరైడ్ చిన్న గుంట చేస్తుంది, ఆ గుంటలోకి గాలి సరిగ్గా అందదు కాబట్టి పొర మళ్లీ కట్టదు, లోపల నీరు ఆమ్లంగా మారుతుంది, అది ఇంకా క్లోరైడ్‌ని లోపలికి లాక్కుంటుంది. ఒకసారి మొదలయ్యాక గుంట తనంతట తానే లోతుకి వెళ్తూ ఉంటుంది, చుట్టూ మెరుస్తూనే ఉంటుంది. మా డ్రమ్‌లో రింగు కింద సందులో నీళ్లు నిలిచి, ఆరి, మళ్లీ తడిసి ఉప్పు చిక్కబడింది, పైగా వెల్డింగ్ వేడికి అక్కడ పొర ముందే దెబ్బతిని ఉంది. చవక గ్రేడు, ఉప్పు నీళ్లు, గాలి ఆడని సందు, మూడూ ఒక్క చోట కలిశాయి.

అయస్కాంతం అటువైపు కూడా తప్పే చెప్తుంది. మా ట్రైప్లై కడాయి బయటి పొర ఇండక్షన్ స్టవ్ మీద పనిచెయ్యాలి కాబట్టి 430 అనే గ్రేడు వేస్తారు, దాంట్లో నికెల్ ఉండదు, అయస్కాంతం టక్కున అంటుకుంటుంది. క్రోమియం మాత్రం 16 నుంచి 18 శాతం. లోపల కూర తగిలే పొర 304. ఆ కడాయి చాలా కాలంగా రోజూ స్టవ్ మీదే ఉంటుంది, తుప్పు లేదు. అత్తయ్య మంచి గిన్నె అంచు దగ్గర అయస్కాంతం పెడితే కొద్దిగా లాగుతుంది కూడా, 304ని నొక్కి మడిచిన చోట అలా అవుతుందంట. అంటే ఈ టెస్ట్‌తో మంచి గిన్నెని వద్దని పక్కన పెట్టి, చవకదాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు ఆ గోధుమ చుక్కల సంగతి. తుప్పు కనిపించిన ప్రతి గిన్నె చెడ్డదని కాదు. మా పనమ్మాయి ఇనుప పీచుతో తోమినన్నాళ్లూ 304 గిన్నెల మీద కూడా పైపైన తుప్పు రంగు వచ్చేది. అది గిన్నెది కాదు, పీచు నుంచి రాలిన ఇనుప నలుసులు తడిలో తుప్పు పట్టడం. ఇనుప పెనం తడిగా గిన్నె మీద బోర్లిస్తే కూడా అలాగే మరక పడుతుంది. తేడా తెలుసుకోవడం సులువు. నిమ్మరసం, సోడా వేసి మెత్తటి స్పాంజితో రుద్ది, ఆరాక గోరుతో గీసి చూడండి. నున్నగా ఉండి మళ్లీ రాకపోతే బయటి ఇనుమే. గోరుకి గుంట తగిలి, కొన్ని రోజుల్లో అదే చోట మళ్లీ వస్తే ఆ స్టీలే పోతోందని అర్థం, ఇంక ఎంత తోమినా లాభం లేదు.

డ్రమ్ పోయాక 304ది ఇంకోటి కొన్నాం, కింద రింగు లేకుండా అడుగు ఒకే ముక్కగా నొక్కింది. ఇప్పటివరకు చుక్క లేదు. కొన్న కొత్తలో అందరికీ 304 కొనండి, ఇంక దిగుల్లేదు అని చెప్పాను కానీ ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. కొత్త డ్రమ్ కొన్న షాపులోనే తీసుకున్న 304 ఉప్పు డబ్బా అడుగున సన్నటి గుంటలు కనిపిస్తున్నాయి. ఇక్కడి గాలికి కల్లుప్పు చెమ్మ పట్టి అడుగున తడిగా అతుక్కునే ఉంటుంది, దానికి 304 కూడా పూర్తిగా తట్టుకోదు. మాలిబ్డినం కలిపిన 316 దీనికి ఇంకా నయం, కానీ ఉప్పు డబ్బాకి అంత డబ్బు పెట్టడం నాకు అనవసరం అనిపించింది, జాడీలోకి మార్చేశాను. వంటలో కూడా చల్లటి నీళ్లలో కల్లుప్పు వేసి అడుగున అలా వదలను, నీళ్లు మరిగాక వేసి కలుపుతాను. చింతపండు పులుసు రాత్రంతా స్టీల్ గిన్నెలో ఉంచను.

ఇంకో పక్క, ఆ సౌకార్‌పేట్ డబ్బాలు కందిపప్పు, మినప్పప్పు, రవ్వ పోసుకోవడానికి ఏ లోటూ చెయ్యలేదు. పొడి సరుకుకి 200 సిరీస్ చాలు, దానికి 304 కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. బెంగళూరులో మా చెల్లెలు కూడా అలాంటి సెట్టే వాడుతోంది, వాళ్లకి కావేరి నీళ్లు, దాని నీళ్ల బిందెకి కూడా మరకే లేదు. కాబట్టి నా కోపం మా ఉప్పు నీళ్ల వల్ల కొంత ఎక్కువై ఉండొచ్చు, కావేరి నీళ్లు వచ్చేవాళ్లు నా అంత భయపడక్కర్లేదేమో.

కొనేటప్పుడు నేను ఇప్పుడు చేసేది ఇది. స్టీల్ గిన్నెలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో ఆర్డర్ వచ్చింది, ఐఎస్ 14756 అని ఉంటుంది, ఆ గుర్తు కింది లైసెన్స్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. కానీ గుర్తు ఉందంటే 304 అని కాదు, గ్రేడు విడిగా అడగాలి. కిలో లెక్కన అమ్మే షాపులో రెండు రేట్లు ఎందుకున్నాయని అడిగితే చాలావరకు వాళ్లే చెప్పేస్తారు. నీళ్లు నిలవుంచే సామాను అయితే తిరగేసి అడుగు చూస్తాను, సందు, రింగు, స్పాట్ వెల్డింగ్ ఉంటే ఏ గ్రేడైనా మా ఇంటికి వద్దు. గ్రేడు నోటితో చెప్తే కాదు, బిల్లు మీద రాసివ్వమంటాను. కొత్త డ్రమ్ కొన్న షాపతను మారుమాట లేకుండా రాసిచ్చాడు, అయస్కాంతం చూపించిన పాత షాపులో మాత్రం తర్వాత వెళ్లి అడిగితే అలా రాసివ్వడం అలవాటు లేదన్నారు.