నాలుగు గొంతుల నాట్ల పాట: రెండేళ్లు పాడాక నా అభిప్రాయం

అమలాపురం దగ్గర మా ఊళ్లో నాట్లప్పుడు ఆడవాళ్లు పాడే ఒక పాటను వాద్యాలు లేకుండా నలుగురం పాడేలా కూర్చుకున్నాం. ఒకరు పాట, ఒకరు జత గొంతు, ఒకరు అడుగున మోగే బేస్, ఒకరు నోటితో దరువు. రెండేళ్లుగా పాడుతున్నాం. ఈ కూర్పు నాకు చాలా ఇష్టం, అయితే ఇది అన్నిచోట్లా పనికిరాదు.

అన్నిటికంటే బాగా కుదిరింది శ్రుతి. మగవాళ్లకు అలవాటైన ఒకటి శ్రుతిలో పాడితే బేస్ వాడికి కింది స అందదు, పాట ఉన్న స్థాయిలోనే స పట్టుకుంటే పాటకే అడ్డొస్తాడు. అందుకే శ్రుతి పెంచి నాలుగు పెట్టాం. ఇప్పుడు బేస్ పాటకు ఒక స్థాయి కింద హాయిగా నిలుస్తుంది. పాట పాడేవాడికి మాత్రం పై స దగ్గర గట్టి గొంతు ఉండాలి.

పాట మోహన రాగం స్వరాల్లో నడుస్తుంది: స రి గ ప ధ. జత గొంతు పాట స్వరం నుంచి కిందికి లెక్కపెట్టి మూడో స్వరం పాడాలని అందరూ చెప్పే లెక్క ఇక్కడ పూర్తిగా కుదరదు. రి కింద ని, ధ కింద మ వస్తాయి, ఆ రెండూ పాటలో లేవు. అవి పడగానే నాట్ల పాట కాస్తా సినిమా కోరస్ అయిపోతుంది. మేం పాటలోని స్వరాల్లోనే ఒకటి వదిలి కిందిది పాడతాం: గకి స, పకి రి, ధకి గ, సకి ప, రికి ధ. పల్లవి చివర పాట ప మీద ఆగితే జత గొంతు రి మీద, బేస్ కింది ప మీద ఉంటాయి. కాస్త బోలుగా వినిపిస్తుంది, కానీ పొలం పాటకు ఆ బోలుతనమే అందం.

దరువు ఆరు మాత్రలు: బ్ త్స్ త్స్ క్ త్స్ త్స్. ఆ క్‌ను ఊపిరి లోపలికి పీలుస్తూ కొట్టాలి, లేకపోతే రెండు చరణాలకే ఆయాసం వచ్చేస్తుంది. అసలు చిక్కు వంత దగ్గర. ఆడవాళ్లందరూ అందుకునే చోట దరువువాడు కూడా గొంతు కలిపితే తాళం ఆగిపోతుంది. అందుకని అక్కడ బేస్ వంత పాడడు, తాళం నిలబెట్టడానికి ఒకటో మాత్ర, నాలుగో మాత్ర మీద ‘డుమ్, డుమ్’ అని పొట్టిగా కొడతాడు. పొట్టిగా అనడానికి కారణం ఉంది. సాగదీస్తే బేస్ మెల్లగా కిందికి జారుతుంది, మిగతా ముగ్గురం తెలియకుండానే వెంట జారతాం. పాట అయిపోగానే ఫోన్‌లో తంబూరా పెట్టి చూస్తే ఎంత జారామో వెంటనే తెలుస్తుంది. మధ్యలో మాత్రం చెవికి పట్టదు.

గదిలో, పెళ్లింట్లో, నాలుగు మైకులున్న స్టేజీ మీద ఇది భలే పండుతుంది. సంక్రాంతికి ఆరుబయట మైకు లేకుండా పాడితే బేస్, దరువు పది అడుగులు దాటవు. అలాంటి చోట డప్పు పట్టుకుని మామూలుగా పాడుకోవడమే మేలు.