గండికోటకు ఫోనుతో పాటు ముప్పావు కిలో బియ్యం

గండికోటలో పొద్దు గుంకడం చూసి రాత్రికే జమ్మలమడుగు దిగిపోయేవాళ్ళే ఎక్కువ. ఫొటోల లెక్కన అది సగం యాత్రే. సాయంత్రం దొరికే ఆకాశం ఒకటి, తెల్లవారుజామున మూడింటికి దొరికేది ఇంకొకటి. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే హోటల్ కన్నా ముందు పంచాంగం చూసుకోవాలి.

పాలపుంతలో బాగా మెరిసే భాగం ధనుస్సు రాశి వైపు ఉంటుంది. వానాకాలంలో అది సాయంత్రాలే పైకి వస్తుంది గానీ అప్పుడు మబ్బులు వదలవు. అందుకే మనకు అనువైన కాలం వేసవి, అదీ తెల్లవారుజామున. ఏప్రిల్ చివర్లో అది నాలుగు గంటల ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన, నేల నుంచి సుమారు 46 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు. అంటే దిగంతం మీద నాలుగున్నర పిడికిళ్ళు పేర్చినంత ఎత్తు.

దీనికి అమావాస్యే కావాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. శుద్ధ పక్షంలో సప్తమి దాకా చంద్రుడు అర్ధరాత్రికి అటూ ఇటుగా దిగిపోతాడు, ఆ తర్వాతంతా కటిక చీకటే. బహుళ పక్షంలో కథ తిరగబడుతుంది: సాయంత్రం చీకటి, తెల్లవారుజామున వెన్నెల. కాబట్టి ఈ పనికి మంచి రోజులు చైత్ర అమావాస్య నుంచి వైశాఖ శుద్ధ సప్తమి దాకా. అందులోనూ తదియకు ఒక లాభం ఉంది. పొద్దు గుంకాక పడమటన సన్నని నెలవంక నిలబడి, రాత్రి తొమ్మిదికి అటూ ఇటూ అస్తమిస్తుంది. ఒకే రాత్రిలో సూర్యాస్తమయం, నెలవంక, పాలపుంత మూడూ వస్తాయి.

బసకు దారులు మూడు. జమ్మలమడుగు లాడ్జీలు చవకే, తిండికీ ఊళ్ళో ఇబ్బంది లేదు. కానీ కోట అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరం. సొంత బండి లేకపోతే రాత్రి రెండున్నరకు ఆటో దొరకదు, బస్సు సంగతి సరేసరి. కోట దగ్గర టూరిజం శాఖ వాళ్ళ హరిత హోటల్ ఉంది. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నమంతా నీడన పడుకుని, ఫోను, పవర్‌బ్యాంకు నిండా ఛార్జ్ చేసుకోవడానికి గది ఉండడమే మేలు. మూడోది ప్రైవేటు టెంట్లు. డిసెంబరు, జనవరిలో హాయిగా ఉంటాయి. ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టేముందు మూడు మాటలు అడగాలి: లైట్లు రాత్రి ఎన్నింటికి ఆపుతారు, క్యాంప్‌ఫైర్ ఎక్కడ వేస్తారు, జనరేటర్ ఉందా? టెంటు ముందు కట్టిన రంగు లైట్ల వరస ఒక్కటి చాలు, యాభై గజాల్లో తీసే ప్రతి ఫొటోకీ కింద పచ్చటి మరక పడుతుంది. ఎక్కడ దిగినా, చీకటి పడ్డాక కోట లోపలికి రానిస్తారా అన్నది అక్కడి సిబ్బందిని పగలే అడిగి పెట్టుకోండి.

ఇక సాయంత్రం. ఏప్రిల్ చివర్లో పొద్దు సుమారు 6.33కి గుంకుతుంది. అదీ సరిగ్గా పడమటన కాదు, ఉత్తరం వైపు పదమూడు డిగ్రీలు జరిగి. డిసెంబరులో ఇదే దక్షిణం వైపు ఇరవైనాలుగు డిగ్రీలు పోతుంది. అందుకే ఇంటర్నెట్‌లో ఎవరో శీతాకాలంలో తీసిన ఫొటో చూసి అదే రాయి మీద నిలబడితే వేసవిలో సూర్యుడు ఫ్రేములో ఉండడు. ఐదున్నరకల్లా వెళ్ళి ఫోనులోని దిక్సూచిలో 283 డిగ్రీలు ఎటో చూసుకుంటే చాలు.

అందరూ మసీదు దాటి బండల మీదుగా లోయ అంచుకు పోతారు. పెన్న కోసిన ఆ గండి కళ్ళకు ఎంత గొప్పగా ఉన్నా, అస్తమయం వేళ ఫోనుకు కష్టమైన దృశ్యం. పైన ఆకాశం మండుతుంటుంది, కింద లోయ నీడలో ఉంటుంది, రెంటినీ సెన్సర్ ఒకేసారి పట్టలేదు. ఫోను తన తెలివితో లోయను వెలిగించి ఆకాశాన్ని పాలిపోయేలా చేస్తుంది. దానికన్నా మాధవరాయ స్వామి గుడి గోపురానికి తూర్పున, వీలైనంత దూరం జరిగి నిలబడడం మేలు. నల్లటి గోపురం, వెనక ఎర్రటి ఆకాశం: ఇందులో నీడ నల్లగా పోయినా నష్టం లేదు, అదే కావాలి.

దూరం ఎందుకంటే, సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. ఫోను మామూలు లెన్సులో చూస్తే తెర మీద మిల్లీమీటరు చుక్క. 5ఎక్స్ టెలీ లెన్సు ఉంటే అదే ఐదు మిల్లీమీటర్లు. గోపురం మాత్రం మనం వెనక్కి జరిగేకొద్దీ చిన్నదవుతుంది, సూర్యుడు చిన్నబోడు. అలా రెండూ ఒకదానికొకటి తూగుతాయి. టెలీ లెన్సు లేనివాళ్ళు రెండింతలకు మించి జూమ్ చేయకండి. ఆ పైన వచ్చేది కత్తిరించి సాగదీసిన బొమ్మే. సూర్యుడు ఇంకా తెల్లగా మండుతున్నప్పుడు టెలీ లెన్సును దాని మీద నిలిపి ఉంచకూడదు. కంటికి ఎర్రగా, మెత్తగా కనిపించే దాకా ఆగాలి.

ఎక్స్‌పోజర్‌కు సూర్యుడి మీద వేలు పెట్టకండి, సూర్యుడికి రెండు వేళ్ళ పక్కన ఉన్న ఆకాశం మీద నొక్కి పట్టుకోండి. లాక్ పడుతుంది. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగి వెలుగు తగ్గించండి. అంకెలు చూపించే ఫోనులో ఇది −0.7 నుంచి −1.3 మధ్య. రంగు పాలిపోతోందంటే అది ఆటో వైట్ బ్యాలెన్స్ పని. ఎరుపు ఎక్కువైందని అది నీలం కలుపుతుంది. ప్రో మోడ్‌లో WB దగ్గర 5500 పెడితే ఆకాశం కళ్ళకు కనిపించినట్టే వస్తుంది. బింబం తన వెడల్పంత దిగడానికి రెండు నిమిషాలకు పైన పడుతుంది, తొందర అక్కర్లేదు. బింబం దిగగానే జనం లేస్తారు. అసలు రంగులు ఆ తర్వాతి పది, ఇరవై నిమిషాల్లో వస్తాయి.

ఆ వేళకు చెయ్యి నిలవదు, ఏదో ఒక ఆధారం కావాలి. ట్రైపాడ్ మోయడానికి ఇష్టం లేనివాళ్ళకు ఈ బండల మీద అన్నిటికన్నా పనికొచ్చేది బియ్యం సంచి. దళసరి గుడ్డతో జానెడు పొడవు సంచి కుట్టించి, ముప్పావు కిలో బియ్యమో జొన్నలో పోయాలి. సంచి ముప్పాతిక వంతే నిండాలి. బిర్రుగా నింపితే బంతిలా దొర్లుతుంది, వదులుగా ఉంటే ఫోను వీపును పట్టుకుని కదలనివ్వదు. కోట మీద గాలి విసురుకు సన్నకాళ్ళ చిన్న ట్రైపాడ్ వణుకుతుంది. రాతిని కరుచుకున్న సంచికి ఆ బాధ లేదు. నేల నుంచి నలభై అయిదు డిగ్రీల వంపు దాకా ఫోను దాని మీద నిలుస్తుంది.

నడినెత్తి ఆకాశం తీయాలంటే సంచి కూడా అక్కర్లేదు. రాతి మీద తువాలు పరిచి, టైమర్ పది సెకన్లు పెట్టి, బటన్ నొక్కి, ఫోనును తెర కిందికి పడుకోబెట్టడమే. కారు బానెట్ మీద మాత్రం పెట్టకండి. లోపల ఒకరు కదిలినా ఫొటోలో తెలుస్తుంది. రాత్రి ఎనిమిదింటికి బండలు ఇంకా కాలుతుంటాయని గుర్తుంచుకోండి. వేడెక్కిన సెన్సర్ ఫొటో నిండా రంగురంగుల నలకలు చల్లుతుంది. తెల్లవారుజాముకు రాయి చల్లబడుతుంది, అదీ మూడింటికి లేవడానికి ఒక కారణం.

మూడింటికి పాలపుంత ఆగ్నేయం నుంచి దక్షిణానికి జరుగుతూ ఉంటుంది. తూర్పున జమ్మలమడుగు, దాని వెనక ప్రొద్దుటూరు, ఆగ్నేయాన ముద్దనూరు వైపు థర్మల్ కేంద్రం, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ మూలన దిగంతం ఎప్పుడూ కాస్త పచ్చగానే ఉంటుంది. మూడున్నర దాటాక పాలపుంత ఆ వెలుగును వదిలించుకుని పైకి వస్తుంది. లోయ కోటకు ఉత్తరాన ఉంది కాబట్టి మనం చూడాల్సింది లోయ వైపు కాదు, కోట వైపు. అంచు దగ్గరికి పోవాల్సిన పనే లేదు. మంచిదే, అక్కడ కంచె లేదు, లోతు మూడు వందల అడుగులు. కూర్చునే ముందు బండ మీద టార్చి వేసి తేళ్ళు లేవని చూసుకుని, ఆర్పేయండి.

సెట్టింగులు: మామూలు 1ఎక్స్ లెన్సు, ఐఎస్‌ఓ 3200, షట్టర్ 15 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ 4000, ఉంటే ఫోను తన మెరుగులు దిద్దకుండా దాచే RAW ఫైలు కూడా. ఫోనును నిలువుగా, ముప్పై డిగ్రీల వంపుతో సంచిలో కూర్చోబెడితే కింద గోపురం అంచు, పైన పాలపుంత రెండూ పడతాయి. ఫోకస్‌ను మనమే జరుపుకునే MF లోకి మార్చి కొండ గుర్తు దాకా జరపాలి. కొన్ని ఫోనుల్లో చివరిదాకా లాగితే అనంతాన్ని దాటిపోతుంది. మెరిసే నక్షత్రం ఒకటి చూసి, చుక్క అతి చిన్నదయ్యే చోట ఆపండి. మూడు సెకన్ల టైమర్ తప్పనిసరి. ప్రో మోడ్ లేని ఐఫోనులో నైట్ మోడ్ ఉంది. ఫోను కదలకుండా ఉందని దానికి తెలిస్తేనే ముప్పై సెకన్ల దాకా అవకాశం ఇస్తుంది. పది దగ్గరే ఆగిందంటే సంచిలో ఫోను ఇంకా ఊగుతోందన్న మాట. పిక్సెల్ ఫోనుల్లో ఆస్ట్రో మోడ్ నాలుగు నిమిషాల పాటు ముక్కలుగా తీసి తనే కలుపుతుంది.

మొదటి ఫొటో రాగానే ఒక నక్షత్రాన్ని బాగా పెద్దది చేసి చూడండి. తప్పేమిటో అదే చెబుతుంది. చుక్కలన్నీ ఒకే దిక్కుకు చిన్న గీతలైతే భూభ్రమణం: షట్టర్ పది సెకన్లకు తగ్గించండి. కొక్కేల్లా వంకర తిరిగితే ఫోను కదిలింది: సంచి సర్దండి. గుండ్రంగా ఉబ్బితే ఫోకస్ తప్పింది. చుక్కలు సూదిమొనల్లా ఉండి ఆకాశం మొత్తం బూడిదగా ఉంటే తప్పు ఫోనుది కాదు, వేసవి మసక. అప్పుడు ఐఎస్‌ఓ పెంచితే ఇంకా పాడవుతుంది, 1600కు తగ్గించి RAW లో సరిదిద్దుకోవడమే.

కర్నూలు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇంతదూరం ఎందుకు, ఓర్వకల్లు రాళ్ళవనం ఉందిగా అంటారు. అస్తమయానికి ఆ రాళ్ళ ఆకారాలు, మధ్యలో నీళ్ళు నిజంగా బాగుంటాయి. నక్షత్రాలకు మాత్రం పనికిరాదు: పక్కనే నంద్యాల రోడ్డు, కొద్ది దూరంలో విమానాశ్రయం, వెనక కర్నూలు నగరపు వెలుగు.

గండికోటలో 4.40కి తూర్పున తెలుపు మొదలవుతుంది. ఐదింటికి పాలపుంత చెరిగిపోతుంది. సూర్యోదయం 5.57కి, ఈసారి లోయ అంచుకే పోవాలి. దానికి ముందు లెన్సును ఒకసారి తుడవండి. రాత్రంతా పేరుకున్న దుమ్మూ, వేలి జిడ్డూ సూర్యుడి చుట్టూ మసక వలయంగా తేలేది అప్పుడే.